కొంగు మీది అక్షరాలు, ఫోనులోని అద్దం

మా ఇంట్లో ఫోనుకు ఒక పీట ఉంది. అసలు అది బియ్యం డబ్బా. దాని మీద పసుపు డబ్బా, దానికి ఆనించి ఫోను. ఆ ఎత్తులో పెడితేనే నేను నిలబడి రెండు చేతులతో చీర పట్టుకున్నప్పుడు అంచు నుంచి అంచు దాకా కనపడుతుంది. కరోనా తర్వాత దుకాణాల వాళ్లు మా చీరలు తీసుకోవడం తగ్గించినప్పటి నుంచి నా బేరాలన్నీ ఆ డబ్బా ముందే. మా ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తాడు, నేను డబ్బా ముందు నిలబడి అమ్ముతాను. ఆయనకు మాట తక్కువ, నాకు ఎక్కువ. దేవుడు లెక్క చూసుకునే జత కలిపినాడని మా అత్త అంటూ ఉండేది.

వీడియోలో చీర చూపించడం నాకు బాగానే పట్టుబడింది. నా బొమ్మ నాకే చిన్నగా ఒక మూల కనపడుతూ ఉంటుంది కదా, దాన్ని చూసుకుంటూ చీరను పైకో కిందికో జరుపుతాను. వెలుతురు చాలకపోతే వాకిలి పక్కకు తిరుగుతాను. రంగు అడిగితే రంగు, అంచు అడిగితే అంచు. ఎన్ని చీరలు అట్లా చూపించానో. ఒక్కసారి కూడా నాకు ఆ ఫోనుతో పేచీ రాలేదు. వచ్చింది కర్నూలు టీచరమ్మ చీరతోనే.

ఆమె ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతుంది. ఎవరో చెబితే నాకు ఫోను చేసింది. వాళ్ల అమ్మ ఓర్వకల్లు పక్కన పల్లెలో ఉంటుంది. ఆ పెద్దావిడ జీవితమంతా వేలిముద్రతోనే గడిపింది. బళ్లు మూతబడి అందరూ ఇళ్లలో కూర్చున్న రోజుల్లో, ఈ టీచరమ్మ కర్నూలు నుంచి వీడియో కాలు చేసి, పలక పైకెత్తి చూపిస్తూ తల్లికి అక్షరాలు నేర్పిందట. ఇప్పుడు ఆ తల్లి బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది. సంతకం పెడుతుంది. ఆ తల్లికి ఒక నూలు చీర కావాలి, పసుపు రంగు, ఎర్రంచు. కొంగు చివర ఎర్ర నూలుతో ‘అమ్మకు’ అని నేసి ఉండాలి.

“కుట్టడం కాదక్కా, నేతలోనే రావల్ల” అనింది. “వచ్చే సోమవారం మా అమ్మ ఊళ్లో ఆడోళ్లతో కలిసి శ్రీశైలం పోతాండాది. కొత్త చీర కట్టుకోని, కొంగు చేత్తో పట్టుకోని తనే చదువుకోవల్ల. నేను చదివి చెప్పకూడదు.”

నేను మా ఆయన్ను అడగకుండానే సరే అన్నాను. బేరం వచ్చినప్పుడు ఆయన్ను అడిగే అలవాటు నాకు లేదు. ఆయన మాత్రం ఆ మాట విని, అటూ ఇటూ విసిరే నాడె ఆపి, శానాసేపు మగ్గం మీది పడుగు పోగుల వైపే చూస్తూ కూర్చున్నాడు. పువ్వులు, బుటాలు ఆయనకు చేతిలో పని. అక్షరాలు మాత్రం ఎప్పుడో పెళ్లికి ముందు నేసి వదిలేశాడు. అక్షరం నేయడమంటే అడ్డంగా పోయే పేక పోగుతో పాటు ఎర్ర నూలు చుట్టిన చిన్న కండెను ఎక్కడికక్కడ దూర్చుతూ, పోగులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. పైగా మా మగ్గం మీద బట్ట ముఖం కిందికి ఉంటుంది, వీపు పైకి. అంటే నేసేవాడికి అక్షరం తిరగబడే కనపడాలి. వాడికి సరిగ్గా కనపడితే కట్టుకునేవాళ్లకు తిరగబడుతుంది. కుర్రతనంలో ఆయన ఒకసారి అట్లా తిరగేసి నేస్తే, మా మామ బట్టను నలుగురికీ చూపించి నవ్వించాడట. ఆ నవ్వు ఆయనకు ఇంకా గుర్తే. అప్పటి నుంచి అక్షరమంటే ఆయనకు భయం.

అయినా నేశాడు. ఎట్లా నేశాడంటే, పని ముగించి బట్ట కోసి తెచ్చి నా చేతిలో పెడితే, ముందు వైపు ఏదో వెనక వైపు ఏదో నాకే తెలియలేదు. మామూలుగా వెనక పక్క పోగుల కొసలు తేలుతాయి. ఈయన ప్రతి కొసనూ వెనక్కి మడిచి నేతలోనే దాచేశాడు. ఆ సన్న నూలు బట్టలో ఎర్ర అక్షరాలు రెండు పక్కలా ఒకే తీరుగా నిలిచాయి. ఒక పక్క ‘అమ్మకు’ అని సరిగ్గా, ఇంకో పక్క అదే తిరగబడి, అంతే తేడా.

“ముఖం యాదని ఎట్ల తెలుస్తాది?” అని అడిగాను.

“అక్షరం మీద వేలు పెట్టి తడుము. ఒక పక్క నున్నగా ఉంటాది, ఒక పక్క రవ్వంత గరుగ్గా ఉంటాది. నున్నగా ఉండేది ముఖం” అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం చూసి శానా రోజులయింది. ఆ మధ్య బేతంచెర్లలో బండల పాలిష్ పనికి పోతానని అంటూ ఉండేవాడు. మగ్గం మీద ఇంక అన్నం పుట్టదని. ఆ రోజు ఆ మాట ఎత్తలేదు. ఈ చీర బాగా కుదిరితే మగ్గం వదలడులే అని నేను లోపల అనుకున్నాను. పైకి మాత్రం “నున్నగా ఉండాదిలే, నీ గడ్డమే గరుగ్గా ఉండాది” అన్నాను.

శనివారం పొద్దున టీచరమ్మకు వీడియో కాలు చేశాను. సాయంత్రం బస్సుకు పార్శిలు వేస్తే రాత్రికి కర్నూలు చేరుతుంది, ఆదివారం ఆమె పల్లెకు తీసుకుపోతుంది. అదీ లెక్క. ఫోటో పంపితే చాలదా అని అడిగితే ఆమె వద్దంది. ఫోటోలో ఒక చీర చూపించి ఇంకో చీర పంపినవాళ్లు ఇదివరకు తగిలారట. లైవులో చూస్తేనే నమ్మకం అంది.

కొంగు విప్పి, ముఖం ఫోను పక్కకు పెట్టి, పైకెత్తి పట్టుకున్నాను. బట్ట పైఅంచు మీదుగా తొంగి ఫోనులో చూసుకున్నాను. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అయ్యో, వెనక పక్క పెట్టినట్టున్నానే అనుకుని గబుక్కున తిప్పాను. ఇప్పుడు ఫోనులో ‘అమ్మకు’ అని ముత్యాల్లా కనపడుతోంది. ఊపిరి పీల్చుకుని “చూడండి మేడం” అన్నాను.

ఆమె బొమ్మ కదల్లేదు. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. పోలేదు. ఆమె కళ్లార్పుతూ చూస్తోంది.

“అక్కా, తిరగబడినాయి” అంది మెల్లగా.

“ఏం తిరగబడినాయి?”

“అక్షరాలు. తిరగేసి నేసినారు.”

“యాడ తిరగబడినాయి మేడం? నాకు ఫోనులో సరిగ్గా కనపడతాండాయి. నా పక్క నుంచి చూసినా సరిగ్గానే ఉండాయి. నా రెండు కళ్లూ అబద్ధం చెప్తాయా?”

“నాకు తిరగబడే ఉండాయక్కా. ఇంకోసారి తిప్పండి.”

తిప్పాను. తిప్పగానే నా ఫోనులో మళ్లీ తిరగబడింది. ఆమె ఏదో అనబోయింది. “ఉండండి ఉండండి, ఇది వెనక పక్క” అని ఆమె నోరు తెరిచేలోపే మళ్లీ తిప్పేశాను. నా తొందర అట్లాంటిది. ఇట్లా రెండు మూడు సార్లు తిప్పాను. ప్రతిసారీ నాకు సరిగ్గా ఉన్న దగ్గరే ఆగాను. ప్రతిసారీ ఆమె తిరగబడిందనే అంది. ఉన్నది ఒకే బట్ట, చూస్తున్నది ఇద్దరం, ఇద్దరం నిజమే చెబుతున్నాం, మాట మాత్రం కలవడం లేదు.

కాలు పెట్టేసి, బట్టను మంచం మీద పరిచి, ముఖాన్ని ఫోటో తీసి పంపాను. ఫోటోలో అక్షరాలు చక్కగా వచ్చాయి. ఆమె నుంచి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది, గొంతు రికార్డు చేసి పంపింది.

“అక్కా, ఏమనుకోవద్దండి. ఫోటో సరిగ్గానే ఉండాది. కానీ ఫోటోను తిప్పేది నాకూ తెలుసు, ఒక్కసారి నొక్కితే తిరుగుతాది. లైవులో నా కండ్లతో చూసినా గదా. మా అమ్మకు మొదట్లో ఒకసారి అక్షరం తిరగబడిందే నేర్పిచ్చినా. నా తప్పే. ఆమె అట్లే గోడ మీద రాస్తే వీధిలో పిల్లోళ్లంతా నవ్వినారు. నెల రోజులు పలక ముట్టలేదు. ఇప్పుడు మళ్లా తిరగబడిన అక్షరం కొంగుకు కట్టి శ్రీశైలం పంపిచ్చలేనక్కా. ఆ అక్షరాలు పీకేసి ఉత్త చీరె పంపిచ్చండి. మీ కష్టానికి డబ్బులేం తగ్గిచ్చను.”

నాకు ఒళ్లు మండింది. తప్పు నేసినారంటే ఓర్చుకునేదాన్నే. ఫోటోను తిప్పి మోసం చేసినానంటుందా. నేను గొణుగుతూ సణుగుతూ ఇల్లంతా తిరుగుతుంటే, మా ఆయన ఆ మాటలు రెండోసారి పెట్టించుకుని విన్నాడు. తర్వాత లేచి వాకిట్లోకి పోయి వెలుతురులో కూర్చున్నాడు. ఒళ్లో కొంగు, చేతిలో సూది.

“ఏం చేస్తాండావు?”

“ఆమె పీకమనింది గదా.”

“సరిగ్గా ఉండే అక్షరాలు ఎందుకు పీకల్ల?”

“నీకు సరిగ్గా ఉండాయి. నాకు సరిగ్గా ఉండాయి. కట్టుకునే ఆమె చదవల్ల గదా. వాళ్లకు తిరగబడి కనపడితే అది తిరగబడినట్టే” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. మా మామ నవ్విన నవ్వు ఆయన చెవుల్లో మళ్లీ మోగుతోందని నాకు అర్థమైంది. ఆయన ఇక అక్షరం నేయడు, బహుశా ఇంకేమీ నేయడు. కళ్లముందే ‘కు’ అక్షరం తోకలో ఒక పోగు సూది మొనకు లేచి, వంకర తిరిగి బయటికి వచ్చింది.

నేను ఆయన చేతిలోంచి కొంగు లాక్కున్నాను. సూది నా వేలికి గుచ్చుకుంది, దాన్నీ తిట్టాను. “ఫోటో తిప్పినామంటుందా? లైవులో చూపిస్తా. ఈ పొద్దు, ఈ ఇంట్లో, ఇప్పుడు చూపిస్తాండామని తెలిసేట్టు చూపిస్తా” అన్నాను. గోడకు బట్టల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరు ఉంది. పెద్ద తెలుగు అక్షరాలు, కింద తారీకులు. దాన్ని పీకి ఆయన చేతికిచ్చి డబ్బా ముందు నా పక్కన నిలబెట్టాను. క్యాలెండరు పక్కన కొంగు, రెండూ కలిపి చూపిస్తే ఇంక ఏమంటుందో చూద్దామని.

టీచరమ్మ కాలు తీసింది. ఆయన క్యాలెండరు ఎత్తి పట్టుకున్నాడు. నేను కొంగు ఎత్తి, ఫోనులో ‘అమ్మకు’ అని సరిగ్గా కనపడే పక్కే తిప్పి పట్టుకున్నాను.

“ఇప్పుడు చూడండి మేడం. ఇది క్యాలెండరు. ఇది మీ కొంగు. దీన్ని కూడా నొక్కి తిప్పినామా?”

అని, బట్ట మీదుగా తొంగి చూసి, నేనే నోరు మూసుకున్నాను. ఫోనులో కొంగు మీది అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. పక్కనే క్యాలెండరు మొత్తం తిరగబడి ఉంది. దుకాణం పేరు కుడి నుంచి ఎడమకు పోతోంది. తారీకులు చేతులు వెనక్కి కట్టుకున్నట్టు ఉన్నాయి. మా ఆయన క్యాలెండరు తలకిందులుగా పట్టుకున్నాడేమో అని ఆయన వైపు చూశాను. సరిగ్గానే పట్టుకున్నాడు.

“అక్కా,” అంది ఆమె. ఆ గొంతు మారింది. “క్యాలెండరు మీకు ఎట్ల కనపడతాండాది?”

“తిరగబడి ఉండాది” అన్నాను. నా గొంతూ మారింది.

“నాకు సరిగ్గా ఉండాది. శ్రావణ మాసం అని చదువుతాండా. మరి కొంగు?”

“నాకు సరిగ్గా ఉండాది.”

“నాకు తిరగబడింది.”

ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “అయ్యో, పలక” అంది. “ఇది నా పలక సంగతే అక్కా. మీ ఫోనులో మీ బొమ్మ మీకు అద్దంలో మాదిరి కనపడతాది. నాకు వచ్చేది అద్దం కాదు, ఎదురుగా నిలబడి చూసినట్టు వస్తాది. అద్దం ముందర పేపరు పెడితే తిరగబడుతుంది గదా, అట్ల మీకు క్యాలెండరు తిరగబడింది. నాకు తిరగబడలేదు. నేను అమ్మకు పలక చూపిచ్చిన మొదటి దినం నా అక్షరం నాకు తిరగబడి కనపడింది. అమ్మకూ అట్లే కనపడతాండాదేమో అని, కష్టపడి తిరగేసి రాసి చూపిచ్చినా. నాకు సరిగ్గా కనపడింది, ఆమెకు తిరగబడిందే పోయింది. ఆమె దాన్నే దిద్దింది.”

“మరి నీకు కొంగు తిరగబడి కనపడితే అది నిజంగా తిరగబడినట్టే గదమ్మా?” అని మా ఆయన అడిగాడు. ఆ రోజు ఫోనులో ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

“అదే నాకూ అర్థం కాలేదన్నా. నాకు వచ్చే బొమ్మలో ఉండేది ఉండేట్టే కనపడతాది. అందుకే అంత గట్టిగా చెప్పినా.”

ఆయన క్యాలెండరు చంకలో పెట్టుకుని, నేను ఎత్తి పట్టుకున్న కొంగు దగ్గరకు వచ్చాడు. ఫోను వైపు ఉన్న పక్క అక్షరం మీద వేలితో తడిమాడు. నా వైపు ఉన్న పక్క తడిమాడు. నా ముఖంలోకి చూశాడు.

“ముఖం నీ పక్కకు పెట్టుకోని, ఆమెకు వీపు చూపిస్తాండావు కదే” అన్నాడు.

అంతే సంగతి. క్యాలెండరు దళసరి కాగితం, వెనక నుంచి అక్షరం కనపడదు. కాబట్టి దాన్ని ఎవరైనా ముఖం ఫోనుకే పెట్టి చూపిస్తారు. మా కొంగు సన్న నూలు, పైగా ఈ మహానుభావుడు రెండు పక్కలా ఒకే తీరుగా నేసి పెట్టాడు. దాన్ని ముఖం ఫోనుకు పెడితే నా అద్దంలో తిరగబడింది. అది వెనక పక్కనుకుని నేను తిప్పాను. తిప్పితే ఆమెకు వీపు పోయింది, అంటే నిజంగానే తిరగబడిన అక్షరం. దాన్ని నా ఫోను అద్దంలా ఇంకోసారి తిప్పి నాకు సరిచేసి చూపించింది. నేను ముచ్చటపడి అక్కడే ఆగాను. పోగుల కొసలు వెనక తేలి ఉంటే ఆమె అది వెనక పక్కని ఇట్టే కనిపెట్టేది. ఆయన పనితనమే ఆ రోజు కొంప ముంచబోయింది.

కొంగు తిప్పాను. నా ఫోనులో అక్షరాలు తిరగబడ్డాయి. చేతులు మళ్లీ తిప్పమని లాగుతున్నాయి. తిప్పకుండా గట్టిగా పట్టుకున్నాను.

టీచరమ్మ చదవలేదు. తన పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అన్నా, శానా బాగుండాది” అంది. “నోటికొచ్చినట్టు మాట్లాడినా. మీరు ఫోటో తిప్పినారని కూడా అనేసినా.”

“అనకపోతే నేను క్యాలెండరు పీకేదాన్ని కాదులే” అన్నాను. ఆ మాట మర్యాదకు అనలేదు. ఆమె తనకు కనపడింది కనపడినట్టే చెప్పింది కాబట్టే దారి దొరికింది. ఇంకొకరైతే మొహమాటానికి బాగుందని చెప్పి, చీర తీసుకుని, మళ్లీ ఫోను ఎత్తకుండా ఉండేవాళ్లు. పీకమని చెప్పే ధైర్యం, తప్పు తెలిశాక వెంటనే ఒప్పుకునే మంచితనం, రెండూ ఉన్న మనిషి నాకు దొరికింది. అప్పటి నుంచి ఆమెను మేడం అనడం మానేశాను. చెల్లెలా అంటాను.

ఆ మధ్యాహ్నమే ఆమె ఓపిగ్గా ఇంకో సంగతి నేర్పింది. తను పిల్లలకు పాఠాలు చెప్పే యాప్‌కు లింకు పంపి నన్ను అందులోకి రమ్మంది. సెట్టింగులలో వీడియో అనే చోట, నా బొమ్మను నాకు అద్దంలా చూపించాలా వద్దా అని ఒక గడి ఉంది. టిక్కు తీసేయమంది. తీశాను. నా ఫోనులో కొంగు అక్షరాలు చప్పున సరిగ్గా నిలబడ్డాయి.

“ఇప్పుడు మీకు ఎట్ల మారింది?” అని అడిగాను.

“నాకేం మారలేదక్కా. ముందు ఎట్ల ఉండెనో ఇప్పుడూ అట్లే ఉండాది. ఆ గడి మీ కంటికే, నా కంటికి కాదు.”

అది నాకు శానా నచ్చింది. కానీ అట్లాగే ఉంచి చీరను కొంచెం కుడికి జరపబోతే ఫోనులో ఎడమకు పోయింది. జారిన పైట సర్దుకోబోతే నా చెయ్యి ఇంకో భుజం మీదికి పోయినట్టు కనపడింది. చెల్లెలు నవ్వుతూ, అందుకే ఆ ఫోను వాళ్లు అద్దం మాదిరి పెట్టి ఉంటారని చెప్పింది. పుట్టినప్పటి నుంచి మన ముఖం మనం అద్దంలోనే చూసుకున్నాం కదా, పాపట, బొట్టు అన్నీ దాంట్లోనే సర్దుకున్నాం. చేతులకు అదే అలవాటు. నేను టిక్కు మళ్లీ పెట్టేశాను. మామూలుగా మేం మాట్లాడే కాలులో ఆ గడి నాకెక్కడా కనపడలేదు కూడా. దాని బదులు ఒక మాట గుర్తు పెట్టుకున్నాను. అక్షరం నాకు తిరగబడితే వాళ్లకు సరి.

మా ఆయన ఆ మాట విని, “నేను మగ్గం మీద చేసేదీ అదే గదా” అన్నాడు. ఆయనకు తిరగబడి కనపడితేనే కట్టుకునేవాళ్లకు సరి. నేను అంతకాలం ఆయన పక్కన కండెలు చుడుతూ ఉండి, ఆ సంగతి ఫోను దగ్గర ఎందుకు తట్టలేదో నాకు తెలియదు. ఆయనకూ తట్టలేదు. అద్దం తిప్పుతుంది, ఫోటో తిప్పదు అని మా ఇద్దరి నమ్మకం. ఫోను నాకు అద్దం, ఆమెకు ఫోటో అని ఎవరికి తెలుసు.

సూదితో లేపిన పోగును ఆయన మళ్లీ సూదితోనే లోపలికి తోశాడు. ‘కు’ తోకలో చిన్న వంపు మిగిలిపోయింది. దిద్దడానికి పొద్దు లేదు. సాయంత్రం బస్సుకు చీర వెళ్లిపోయింది. ఆ వంపు గురించి ఆయన రెండు రోజులు బాధపడ్డాడు. పాలిష్ పనికి పోయే మాట మళ్లీ ఎత్తాడు కూడా. చేతులు పట్టు తప్పినాయంట. నేను తిట్టినా వినలేదు.

మంగళవారం పొద్దున టీచరమ్మ నంబరు నుంచి వీడియో కాలు వచ్చింది. ఎత్తితే ఆమె లేదు. నెత్తిన తెల్లటి జుట్టు, నుదుట విభూతి, ఒక పెద్దావిడ ముఖం ఫోనుకు శానా దగ్గరగా ఉంది. శ్రీశైలం నుంచి తిరిగి వచ్చి కూతురింట్లో దిగిందట. కట్టుకున్నది మా పసుపు చీర.

“నువ్వేనా బిడ్డా చీరె నేసిండేది?”

“నేసింది మా ఆయన అవ్వా. నేను ఉత్త నోరే” అన్నాను.

ఆమె నవ్వి, కొంగు ముందుకు లాగి, ఫోనుకు పెట్టి పట్టుకుంది. నాకు ‘అమ్మకు’ అని దివ్యంగా కనపడింది. ఆమె మాత్రం ఫోనులోకి చూసుకుంటూ చూసుకుంటూ నవ్వు ఆపేసింది. కొంగు దించింది. మళ్లీ ఎత్తింది. నేను ఎట్లా తొంగి చూశానో అట్లాగే తొంగి చూసింది.

“కొండ మీద బాగుండె బిడ్డా. ఈడ తిరగబడినట్టుండాయే” అంది చిన్న గొంతుతో. వీధిలో పిల్లలు నవ్విన సంగతి ఆమెకు గుర్తొచ్చిందని నాకు అర్థమైంది.

“అవ్వా, నీ ఫోను నీకు అద్దం. అది నమ్మద్దు. నాకు ఈడ సరిగ్గా కనపడతాండాది. నువ్వు ఫోను చూడాకు, కొంగు నీ పక్కకు తిప్పుకోని, కొంగు చూసి చదువు” అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. ఆయన గుంతలోంచి లేవలేదు గానీ వింటున్నాడు. పెద్దావిడ కొంగును తన వైపు తిప్పుకుంది. చూపుడు వేలు అక్షరం మీద పెట్టింది. ఫోనులో నాకు ఇప్పుడు కొంగు వెనక పక్క, తిరగబడిన ఎర్ర అక్షరాలు, వాటి వెనక నీడలాగా కదులుతున్న ఆమె వేలు కనపడుతున్నాయి.

“అ” అంది. వేలు జరిగింది. “మ్మ.” చివరి అక్షరం దగ్గర, ఆ చిన్న వంపు ఉన్న చోట, వేలు కాసేపు ఆగింది. మా ఆయన గుంతలో లేచి నిలబడ్డాడు.

“కు” అంది. తర్వాత మూడూ కలిపి ఒక్క ఊపిరిలో చదివింది. చదివి, కొంగు ముఖానికి అద్దుకుని అట్లాగే ఉండిపోయింది.

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ, పేక నూలు బుట్టలో ఎర్ర కండె కోసం వెతుకుతున్నాడు.

“ఇంకేమన్నా రాయల్లేమో అవ్వను అడుగు” అన్నాడు.